గది ఫోటోలోంచి సోఫా తీయించుకునేవారికి హెచ్చరిక: స్కర్టింగ్, టైల్స్ గీతలు సరిచూడకుండా పూర్తి డబ్బు చెల్లించకండి

ఫోటోల్లోంచి ఫర్నిచర్ తొలగించి ఖాళీ గదిలా చేసి ఇస్తామన్న ఒక ఎడిటింగ్ సేవకు నేను పని అప్పగించాను. గది మూలనున్న ఎల్ ఆకారపు సోఫాను తీసేసి, దాని వెనుక మరుగైన గోడ అడుగును, దాని వెంట సాగే స్కర్టింగ్ పట్టీని, నేల టైల్స్‌ను తిరిగి కట్టాలన్నది ఒప్పందం. వచ్చిన ఫోటోను ఫోన్‌లో చూసినప్పుడు వంక పెట్టడానికేమీ కనిపించలేదు. కంప్యూటర్‌లో 100 శాతం సైజులో తెరిచాక గానీ సంగతి బయటపడలేదు.

మొదటి లోపం మూలలోనే ఉంది. రెండు గోడలు కలిసే నిలువు అంచు సోఫా ఉన్న చోటికి పైన స్పష్టంగా కనిపిస్తోంది. సోఫాకు ఇరువైపులా మిగిలిన స్కర్టింగ్ ముక్కల వెంట గీతలు గీసి లోపలికి పొడిగిస్తే, అవి రెండూ ఆ నిలువు అంచుకు సరిగ్గా కిందనే కలవాలి. వీరు ఎడమవైపు ముక్కనే, ఫోటోలో ఒక చోటిని మరో చోటికి కాపీ చేసే క్లోన్ స్టాంప్ అనే పనిముట్టుతో అతికించుకుంటూ పోయారు కాబట్టి, స్కర్టింగ్ అసలు మూలను దాటిపోయి, కుడి గోడ మధ్యలో ఎక్కడో మలుపు తిరిగింది. పైగా కెమెరాకు దూరమయ్యేకొద్దీ స్కర్టింగ్ పై గీత, కింది గీత దగ్గర పడాలి. ఇక్కడ పట్టీ ఎత్తు చివరిదాకా ఒకేలా ఉంది.

నేల సంగతి ఇంకా ఘోరం. ముందువరుస టైల్స్‌ను కాపీ చేసి గోడ దాకా పరచడంతో, దూరాన చిన్నగా కనిపించాల్సిన టైల్స్ ముందున్నంత పెద్దగానే ఉన్నాయి. దీన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. ఎడిటర్ ముట్టుకోని చోట ఒక టైల్‌కు మూల నుంచి మూలకు ఏటవాలు గీత గీసి, దాన్నే సోఫా ఉన్న చోటి దాకా పొడిగించండి. నేల సరిగ్గా కట్టి ఉంటే ఆ గీత దారిలోని ప్రతి టైల్ మూలల గుండా పోతుంది. నా ఫోటోలో అతికించిన భాగం మొదలైన వెంటనే గీత టైల్ మూలను తప్పి, టైల్ నడుమలోకి పోయింది.

ఫిర్యాదు చేస్తే, లెన్స్ వంపు వల్ల అలా కనిపిస్తోందని జవాబిచ్చారు. వైడ్ యాంగిల్ లెన్స్ ఫ్రేము అంచుల దగ్గర సరళరేఖలను వంచడం నిజమే, కానీ ఆ వంపును ముందే సరిదిద్ది, ఆ తర్వాతే గీతలు కట్టడం ఈ పనిలో మొదటి మెట్టు. (సోఫా పోయినా దాని నీడ గోడ మీద అలాగే ఉండిపోవడానికి ఏ లెన్స్ కారణమో వారు చెప్పలేదు.)

అందుకని మూల ఉన్న ఒక్క ఫోటోను ముందు నమూనాగా చేయించుకోండి. సోఫా స్థానంలో కట్టిన భాగాన్ని విడి లేయర్‌గా ఉంచిన ఫైలు కూడా అడగండి. అప్పుడు తప్పు దొరికితే ఆ భాగాన్ని మాత్రమే తిరిగి చేయించవచ్చు. గోడ పొడవునా బీరువాలుండి స్కర్టింగ్ ఏ వైపూ కనిపించని ఫోటో అయితే మాత్రం ఎంత నిపుణుడైనా ఊహించి గీయాల్సిందే కనుక, ఆ గోడ అడుగును విడిగా ఒక ఫోటో తీసి పంపండి.