బెంగళూరులో పాత ఫ్లాట్ అమ్మకం: అరవై సెకన్ల రీలా, కోత లేని ఎనిమిది నిమిషాల వీడియోనా? ఏది మేలు?

మారతహళ్లి, మున్నెకొళాల, బ్రూక్‌ఫీల్డ్ వైపు ఫ్లాట్ అమ్మేవాళ్లు వీడియో అనగానే రీల్ గురించే ఆలోచిస్తారు. పాట పెట్టి, రెండేసి సెకన్లకు ఒక షాట్ మార్చి, హాలు నుంచి బాల్కనీ దాకా నిమిషంలో చూపించేస్తారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. మెయిన్ రోడ్డు దగ్గర రికార్డింగ్ మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా గేటు, లిఫ్టు, గదులు, మేడ మీద ట్యాంకు వరకు నడుస్తూ మాట్లాడుతూ తీయడం. ఈ రెండిట్లో ఒక్కటే తీయగలిగితే నేను రెండోదే తీయమంటాను. ఇక్కడ పాత ఫ్లాటు కొనే తెలుగువాళ్లలో చాలామంది ఇల్లు చూసే ముందు వీడియోను ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు పంపుతారు. ఒంగోల్లోనో కర్నూల్లోనో కూర్చున్న ఆ పెద్దాయన అడిగే ప్రశ్నలకు రీల్‌లో జవాబు ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మున్నెకొళాలలో మూడో అంతస్తులో రెండు పడక గదుల ఫ్లాటు. కట్టి పదేళ్లు దాటింది. సూపర్ బిల్టప్ 1,150 చదరపు అడుగులు, కార్పెట్ 820. కార్పొరేషను ఆస్తి రికార్డుల్లో బి-ఖాతా, అంటే అనుమతుల్లో ఏదో లోపమున్న ఇల్లు. నీళ్లు బోరు, ఎండాకాలంలో ట్యాంకరు. ఇలాంటి ఫ్లాట్లు ఆ వైపు కొల్లలు.

రీల్ దీన్ని ఎలా చూపిస్తుంది? ఫోన్‌లో `0.5x` పెట్టి గది మూలలో నిలబడి తీస్తారు. ఆ లెన్సుతో చిన్న గది కూడా పెళ్లి హాలులా కనిపిస్తుంది. చూసేవాళ్లు దీన్ని పసిగట్టడం కష్టమేమీ కాదు. ఫ్రేము అంచున ఉన్న తలుపు చట్రం వంగినట్టు, ఫ్రిజ్ అడ్డంగా సాగినట్టు ఉంటే అది వెడల్పు లెన్సే. మామూలు `1x` లెన్సులో గది ఇరుకుగా పడుతుందని చాలామంది భయపడతారు. ఆ భయం పోవాలంటే టేపు పట్టుకుని కెమెరా ముందే కొలిచి చూపించడమే మార్గం.

మన ఫ్లాట్లో రెండో పడక గది వెడల్పు తొమ్మిదిన్నర అడుగులు, పొడవు పది. అయిదడుగుల వెడల్పు మంచాన్ని ఒక గోడకు ఆనించి, ఎదురు గోడకు రెండడుగుల లోతు బీరువా పెడితే మధ్యలో రెండున్నర అడుగులు మిగులుతాయి. బీరువా తలుపు తెరుచుకుంటుంది, మనిషి నడవగలడు. కానీ గోడవైపు పడుకున్నవాళ్లు దిగాలంటే పక్కవాళ్లను దాటాలి. ఈ మాట వీడియోలోనే చెప్పేస్తే, పిల్లల గదిగా సరిపోతుందా లేదా అన్నది కొనేవాళ్లు ఇంట్లో కూర్చునే తేల్చుకుంటారు. సరిపోదనుకున్నవాళ్లు రారు. వచ్చి, గుమ్మంలో నిలబడి, మొహమాటానికి టీ తాగి వెళ్లిపోయే మనుషులు తగ్గితే అమ్మేవాళ్లకే మేలు.

విస్తీర్ణం సంగతి కూడా ఇలాంటిదే. 1,150 అని మాత్రమే చెప్పి ఊరుకుంటే, అందులో మెట్లు, లిఫ్టు, వరండా వాటా కలిసి ఉందని తెలిసినవాళ్లకే తెలుస్తుంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం రెరా ప్రకారం కార్పెట్ ఏరియా అంటే లోపల వాడుకునే జాగా. లోపలి అడ్డగోడలు అందులోకి వస్తాయి. బయటి గోడలు, మన బాల్కనీ రావు. మన ఉదాహరణలో అది సూపర్ బిల్టప్‌లో 71 శాతం. రెండు అంకెలూ ఒకే ఊపులో చెప్పాలి. రీల్ మీద పెద్ద అక్షరాల్లో ఒకటే వేస్తారు, అదీ పెద్దదే.

కోత లేని వీడియోకు అసలు బలం గదుల్లో కాదు, గదులకు వెళ్లే దారిలో ఉంది. రీల్‌లో గేటు షాట్ తర్వాత నేరుగా హాలు వస్తుంది. మధ్యలో ఉన్న సందు, కాలువ, కిటికీకి తగిలేంత దగ్గరగా వేలాడే కరెంటు తీగలు, పక్క భవనానికీ మన గోడకూ మధ్య ఉన్న జాగా కనిపించవు. ఆపకుండా నడిస్తే ఇవన్నీ వాటంతటవే వస్తాయి. కారు లోపలికి తిరిగే మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, పార్కింగ్‌లో మన చోటు స్తంభం పక్కనుందో, ఇంకో కారు వెనకుందో చూపించాలి.

తలుపు దగ్గర దిక్సూచి యాప్ తెరిచి చూపించాలి. "బాబూ, గుమ్మం ఎటు?" అన్నది మనవాళ్ల మొదటి ప్రశ్న. లోపలి నుంచి బయటికి చూస్తూ గుమ్మంలో నిలబడితే ముఖం ఎటుందో అదే ఆ ఇంటి ముఖం. ఇనుప గ్రిల్ తలుపుకు ఆనుకుని కొలిస్తే సూది తప్పుతుంది, అందుకే రెండు మూడు అడుగులు దూరం జరిగి చూపించాలి. కెమెరాలో దిక్కు కనిపించాక ఫోన్లో వాదన ఉండదు.

లోపలికి వెళ్లాక చప్పుడు తీసేయకండి. వంటగది కుళాయి తిప్పి ధార వినిపించండి. రోడ్డువైపు కిటికీ ఒకసారి తెరిచి, ఒకసారి మూసి, రెండిటికీ తేడా వినిపించండి. మారతహళ్లి చుట్టుపక్కల హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టు విమానాల మోత కూడా ఉంటుంది, రికార్డింగులో పడితే పడనివ్వండి. రీల్‌లో పాట ఉంటుంది కాబట్టి వీటిలో ఒక్కటీ వినపడదు. కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి: మొత్తం వీడియోలో ఒక్కచోట కూడా సహజమైన శబ్దం లేకపోతే, కిటికీలన్నీ కర్టెన్లతో మూసి ఉంటే, వెళ్లినప్పుడు మొదట ఆ కిటికీలే తెరవమని అడగాలి.

స్నానాల గది తీసేటప్పుడు దాని వెనక గోడ కూడా తీయాలి. తేమ కనిపించేది బాత్రూమ్‌లో కాదు, దాన్ని ఆనుకున్న పడక గది గోడ మీద. స్కర్టింగ్ పైన పెయింటు పొంగి, గోరుతో గీకితే పొడిగా రాలుతుంది. పై అంతస్తు బాత్రూమ్ కింద మన సీలింగులో గోధుమ రంగు మరక ఉంటే అక్కడ పైపు కారుతోంది, లేదా ఒకప్పుడు కారింది. ఒకే గోడ మీద కొంత ముక్కకు మాత్రమే కొత్త పెయింటు ఉంటే ఎందుకు వేయించారో ఓనర్ నోటితోనే చెప్పించండి. షవరు రంధ్రాల చుట్టూ తెల్లటి పొర కట్టి ఉంటే బోరు నీళ్లు హార్డ్ వాటర్ అని అర్థం. గీజరు త్వరగా పాడవడానికీ అదే కారణం. కావేరీ నీళ్ల కనెక్షన్ ఉంటే మీటరు చూపించండి. లేకపోతే లేదనే చెప్పండి, ఎండాకాలంలో ట్యాంకరు ఖర్చు మెయింటెనెన్సులో కలుస్తుందో, విడిగా వసూలు చేస్తారో కూడా చెప్పండి.

బి-ఖాతా మాట చివర్లో గొణగకూడదు. బి-ఖాతా ఫ్లాటుకు చాలా ప్రభుత్వ రంగ బ్యాంకులు లోను ఇవ్వవు. ఇచ్చే ప్రైవేటు సంస్థల దగ్గర వడ్డీ ఎక్కువ పడవచ్చు. లోను మీద ఆధారపడి కొనేవాళ్లకు ఇదే అన్నిటికంటే పెద్ద విషయం. మొదటి నిమిషంలోనే చెబితే, చేతిలో డబ్బున్నవాళ్లూ ఆ వడ్డీకి సిద్ధపడేవాళ్లూ మాత్రమే ముందుకు చూస్తారు. అడ్వాన్సు తీసుకున్నాక బయటపడితే రెండు కుటుంబాలకూ టెన్షనే.

ఇక ఏరియా పేర్లు. రీల్ వేసేవాళ్లు ఎక్కువగా వైట్‌ఫీల్డ్ అని రాసేస్తారు, ఆ పేరుకు గిరాకీ ఎక్కువని. మున్నెకొళాల ఫ్లాటుకు ఆ పేరు పెడితే వైట్‌ఫీల్డ్‌లో ఇల్లు కావలసినవాళ్లు వస్తారు, మ్యాపు చూసి వెళ్లిపోతారు. ఇంకో తికమక కుందలహళ్లి. పర్పుల్ లైన్‌లో 2023 నుంచి నడుస్తున్న కుందలహళ్లి మెట్రో స్టేషను ఐటీపీఎల్ మెయిన్ రోడ్డు మీద ఉంది. కుందలహళ్లి గేటు అనే సిగ్నల్ ఉన్నది వేరే రోడ్డు మీద. 'కుందలహళ్లి మెట్రో దగ్గర' అని రాయాలంటే మన గేటు నుంచి స్టేషను దాకా మ్యాపులో నడక దూరం చూసి, ఆ కిలోమీటర్లు కూడా రాయాలి. వెతికేవాళ్లు టైపు చేసేది ఊరి చిన్న పేరు, దాని పక్కన అందరికీ తెలిసిన పెద్ద పేరు. అవి రెండూ చాలు. యూట్యూబ్ శీర్షికకు 100 అక్షరాల హద్దు ఉంది, ఫోన్లో అందులోనూ మొదటి ముక్కే కనిపిస్తుంది కాబట్టి ఊరి పేరు ముందే రావాలి:

```
2BHK Resale Flat Munnekolala Marathahalli | 820 sqft Carpet | B Khata | Telugu
```

ఎనిమిది నిమిషాలు ఎవరు చూస్తారని అడిగేవాళ్లకు జవాబు వీడియో కింద వివరణలో వేసే టైములు. మొదటిది `0:00` అయి, కనీసం మూడు ఉండి, ఒక్కో భాగం పది సెకన్లకు తగ్గకపోతే యూట్యూబ్ వాటిని అధ్యాయాలుగా చూపిస్తుంది:

```
0:00 రోడ్డు, ఖాతా, ధర
1:10 గేటు, పార్కింగ్, లిఫ్టు
2:20 గుమ్మం, హాలు
3:40 వంటగది, నీళ్లు
5:00 పడక గదులు, కొలతలు
6:50 తేమ మరకలు, మేడ
```

నిజం చెప్పాలంటే తేమ మరకలు అన్న వరుస పెట్టడానికి ఓనర్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు. నేను మాత్రం పట్టుబడతాను. దాచినా ఆ మరక ఇల్లు చూసే రోజున ఎలాగూ కనిపిస్తుంది, అప్పుడు దాని పేరు చెప్పి తగ్గించమనే మొత్తం రిపేరు ఖర్చుకు మించి ఉంటుంది.

రీల్‌కు ఉన్న బలం వేరు. కొత్తవాళ్లకు కనపడటం, వాట్సాప్‌లో చేతులు మారడం దానికే సాధ్యం. పొడుగు వీడియో వెతికినవాళ్లకే దొరుకుతుంది. అందుకే పొడుగుది అడ్డంగా తీశాక, అదే రోజు నిలువుగా ఇంకో నిమిషం విడిగా తీయండి. రోడ్డు, గుమ్మం దిక్కు, హాలు, వంటగది, ఆ మరక గోడ, చివర్లో కార్పెట్ అంకె, ఖాతా, ధర. రీల్ ఒక్కటే చాలే సందర్భం కూడా ఉంది. పేరున్న పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాటు అయితే ప్లాను, నీళ్లు, పార్కింగ్ సంగతి అక్కడే అద్దెకుండి కొనేవాళ్లకు ముందే తెలుసు. వాళ్లకు కావలసింది ఏ టవరు, ఏ అంతస్తు, బాల్కనీలోంచి ఏం కనిపిస్తుంది, అంతే.

రెండూ చూపించలేనివీ కొన్ని ఉన్నాయి. ఎండలో తీసిన వీడియోలో వాన నీళ్లు కనపడవు. 2022 సెప్టెంబరు వానలకు ఔటర్ రింగ్ రోడ్డు, యమలూరు మునిగాయి. ఆ వానల్లో మీ సెల్లారు ఎలా ఉందో ఓనర్ మాటల్లో చెప్పాలి. ఆన్‌లైన్ రికార్డు అయిన ఈ-ఖాతా, ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపించే ఈసీ, భవనంలో నివాసానికి అనుమతినిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, వీటిలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో నోటితో చెప్పండి. కాగితాలు మాత్రం పేర్లు, నంబర్లతో కెమెరా ముందు పరచకండి, కొనడానికి నిజంగా ముందుకొచ్చినవాళ్లకు చేతికే ఇవ్వండి. అద్దెకు ఎవరైనా ఉంటే ముందుగా అడిగి, వాళ్ల ఫొటోలు, పూజ గది కనపడకుండా తీయండి. ఫ్లాటు అమ్ముడుపోయిన రోజే రెండిటి శీర్షికల ముందూ `SOLD` అని చేర్చండి. లేకపోతే ఇంకో ఏడాది దాకా ఫోన్లు వస్తూనే ఉంటాయి.