తిరుమల మెట్లు: ఎక్కాక బస్సులో దిగాలా, నడిచే దిగాలా?

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది నిజమే, కానీ మర్నాడు, ఎల్లుండి తొడలు పట్టేసేది ఎక్కువగా దిగడం వల్లే.

ఖర్చు: బస్సుకి టికెట్ డబ్బులు, నడకకి ఏమీ లేదు.

శ్రమ: ఎక్కేటప్పుడు తొడ ముందు కండ కుంచించుకుంటూ ఒళ్లు పైకి లేపుతుంది, గుండె దడదడలాడుతుంది. దిగేటప్పుడు అదే కండ సాగుతూ బ్రేక్ వేస్తుంది, ఊపిరికి హాయిగా ఉంటుంది కాబట్టి ఏమీ తెలీదు, కానీ లోపల సన్నటి పోగులు దెబ్బతింటాయి, వాటి రిపేర్‌కి వాపు మొదలయ్యాకే నొప్పి తెలుస్తుంది, అందుకే అంత లేటు. లాక్టిక్ యాసిడ్ వల్ల అంటారు గానీ అది గంట రెండు గంటల్లోనే పోతుంది.

రిస్క్: దిగితే మామూలుగా నాలుగైదు రోజుల నొప్పి. మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి.

అలవాటు లేనివాళ్లకి, మర్నాడు డ్యూటీ ఉన్నవాళ్లకి బస్సే నయం. నడిచే దిగాలనుకుంటే రెండు వారాల ముందే ఇంటి దగ్గర కొన్ని అంతస్తులు దిగండి, ఒకసారి కాస్త నొప్పి చూసిన కండ తర్వాత కొన్ని వారాలు అదే పనికి అంతగా నొయ్యదు.