ప్లాన్ తగ్గించాక పాత లెక్కలు దించుకోగలమా?

గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ వ్యాపారి సీజను ముగిశాక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను చిన్న ప్లాన్‌కు మార్చాలనుకుంటే, నెలసరి రుసుము కన్నా ముందుగా పోల్చవలసింది డేటా డౌన్‌లోడ్ హక్కును. ఒక రకం ప్లాన్‌లో పాత బిల్లులు తెరపై కనిపిస్తూనే ఉన్నా, స్థాయి తగ్గించాక పీడీఎఫ్ మాత్రమే దిగుతుంది. అది ముద్రించి చూపడానికి సరిపోతుంది గాని, ఆ వివరాలను మరో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలంటే చాలావరకు మళ్లీ టైపు చేయవలసి వస్తుంది. రెండవ రకంలో, వివరాలను మరో సాఫ్ట్‌వేర్‌లోకి నేరుగా ఎక్కించడానికి వీలైన సీఎస్‌వీ ఫైలును దించుకునే సౌకర్యం దిగువ స్థాయిలోనూ కొనసాగుతుంది. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం చెబుతోంది కనుక నా ఓటు రెండవదానికే, అయితే ఆ హక్కు పాత సంవత్సరాల బిల్లులకూ వర్తిస్తుందని రాతపూర్వకంగా తీసుకోవాలి.

సీఎస్‌వీకీ ఒక చిక్కుంది. దానిని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే ఎండుమిర్చి హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ 0904 కాస్తా 904 అవుతుంది, తెలుగులో ఉన్న రైతుల పేర్లు గజిబిజి అక్షరాలుగా మారవచ్చు. అందువల్ల డేటా ట్యాబ్ ద్వారా ఫైలును తెచ్చుకుని, అక్షరాల ఎన్‌కోడింగ్‌గా UTF-8 ఎంచుకుని, కోడ్ ఉన్న నిలువు వరుసను టెక్స్ట్‌గా గుర్తించాలి. మొదటి రకం వాడుతున్నవారు ప్లాన్ తగ్గించకముందే సీఎస్‌వీ దించుకుని, బిల్లుల సంఖ్యనూ మొత్తం అమ్మకాన్నీ తెరపై రిపోర్టుతో సరిచూసుకోవాలి.