బోరు నీళ్ల ఊర్లో గ్యాస్ గీజరా, కరెంటు గీజరా? ఆరేళ్లు రెండూ వాడాక

అనంతపురంలో ఒకే ఇంట్లో కింది బాత్‌రూముకు గ్యాస్ గీజరు, మిద్దెపై గది బాత్‌రూముకు 15 లీటర్ల కరెంటు గీజరు. రెండూ బోరు నీళ్లతోనే ఆరేళ్లుగా నడుస్తున్నాయి.

కొనేటప్పుడు గ్యాస్‌దే చవకగా కనిపిస్తుంది. నిమిషానికి 6 లీటర్లిచ్చేది సుమారు 5,000 నుంచి 6,500లో వస్తుంది. 15 లీటర్ల కరెంటుది మంచి స్టార్ రేటింగుతో 8,000 నుంచి 10,000 దాకా పడుతుంది. కానీ వంటింటి సిలిండర్ కాకుండా గీజరుకు వేరే సిలిండర్ పెట్టాలంటే డిపాజిట్టే 2,200. దాని మీద రెగ్యులేటరు, గొట్టం, బిగింపు కూలి కలిపితే తేడా దాదాపు కరిగిపోతుంది. కాబట్టి ధర చూసి తేల్చుకోకండి.

నెల ఖర్చు దగ్గర చాలామంది పొరపడేది ఒకటుంది. కరెంటు బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి, వచ్చిన రేటుతో లెక్క వేస్తారు. గీజరు యూనిట్లు ఎప్పుడూ మీ వాడకం పైన, చివరి స్లాబులో పడతాయి. మన దగ్గర 76 నుంచి 125 యూనిట్ల దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75. బిల్లులో వేసే ట్రూ అప్ ఛార్జీల లాంటివి వీటికి అదనం.

నలుగురు పోసుకునే ఇల్లు తీసుకుందాం. చలికాలంలో 22 డిగ్రీల నీళ్లు మనిషికి 20 లీటర్లు 40 డిగ్రీలకు రావాలంటే రోజుకు 1.7 యూనిట్ల వేడి కావాలి. తొట్టిలో, పైపులో చల్లారేది కలుపుకుంటే కరెంటు గీజరుకు రోజుకు 2, నెలకు 60 యూనిట్లు. అదే వేడికి గ్యాస్ నెలకు 5 కిలోలు. సిలిండర్ 900 అనుకుంటే 315 రూపాయలు.

గీజరు లేకుండా నెలకు 60 యూనిట్లు కాలే ఇంట్లో ఆ అదనపు 60 యూనిట్లకు 250 లోపే అవుతుంది, కరెంటే మేలు. 110 కాలే ఇంట్లో 340 దాకా, ఇంచుమించు సమానం. 240 కాలే ఇంట్లో 525, అక్కడ గ్యాస్ గెలుస్తుంది. ఈ యూనిట్లు మే నెల బిల్లులో చూడకండి, డిసెంబరు బిల్లులో చూడండి. చలికాలంలో ఏసీ, కూలరు ఆగిపోతాయి కాబట్టి ఎండాకాలంలో 8.75లో ఉండే ఇల్లు కూడా కింది స్లాబుకు దిగుతుంది. గీజరు వాడేదీ అప్పుడే. ఏప్రిల్లో సింటెక్స్ ట్యాంకే గీజరు కదా!

బిగించేటప్పుడు గ్యాస్‌కు ప్రెషరు కావాలి. లోపలున్న రబ్బరు పొరను నీళ్ల ఒత్తిడి నెడితేనే గ్యాస్ తెరుచుకుని మంట అంటుకుంటుంది. ట్యాంకు గీజరుకు కనీసం రెండు మూడు మీటర్లు పైన ఉండాలి. మిద్దెపై బాత్‌రూములో ట్యాంకు నెత్తిమీదే ఉంటుంది, ఎత్తు మీటరున్నర కూడా దొరకదు. స్పార్కు టిక్ టిక్‌మంటుంది, మంట రాదు. మా ఇంట్లో గ్యాస్‌ది కింద ఉండటానికి కారణం అదే. గీజరును, సిలిండరును బయట గోడకే పెట్టాలి. బాత్‌రూములో పెడితే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా లేకుండా ప్రాణం తీస్తుంది. చిన్న కిటికీ ఉంది కదా అన్న ధైర్యం పనికిరాదు.

కరెంటుదానికి 2 కిలోవాట్లంటే 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్టు, బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికో ఎంసీబీ, నిజంగా పనిచేసే ఎర్తు ఉండాలి. లైట్ల వైరుకు తగిలిస్తే సాకెట్టు నల్లబడుతుంది.

ఇక బోరు నీళ్లు. కరెంటు గీజరులో ఎలిమెంటు మీద సున్నం పేరుకుంటుంది. దానివల్ల బిల్లు పెద్దగా పెరగదు. వేడి బయటికి పోలేక ఎలిమెంటే కాలి పగులుతుంది, నీళ్లు లోపలికి చేరి, షాకు కొట్టకుండా కరెంటు ఆపే ఆర్‌సీసీబీ పడిపోతుంది. అంతకు ముందే సుయ్‌మని చప్పుడు, బకెట్లో తెల్లటి పెళ్లలు కనిపిస్తాయి. థర్మోస్టాట్ 50-55 దగ్గర పెడితే సున్నం బాగా తగ్గుతుంది. ఏడాదికోసారి విప్పి, లోపలి మెగ్నీషియం కడ్డీ పెన్సిలంత సన్నబడి ఉంటే మార్చేయండి. అది అరిగిపోయాక తుప్పు తొట్టికే పడుతుంది.

గ్యాస్‌దాంట్లో సున్నం సన్నని రాగి గొట్టంలో పేరుకుంటుంది. ధార తగ్గుతుంది, మధ్యలో మంట ఆరిపోతుంది. బ్యాటరీ పోయిందేమోనని సెల్లులు మారుస్తూ ఉంటాం. సెల్లులు కొత్తవైనా, కుళాయి నిండా తిప్పినా ధార సన్నగానే ఉందంటే గొట్టమే. ముందు నీళ్లు వచ్చే చోటున్న జాలీ కడిగి చూడండి. అప్పటికీ మారకపోతే సిలిండర్ కట్టేసి, లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి గొట్టంలో నింపి గంట ఉంచి, మంచినీళ్లతో బాగా కడగాలి. బాత్‌రూము కడిగే యాసిడ్ పోయించకండి, సున్నంతో పాటు రాగినీ తినేస్తుంది. ఈ నీళ్లకు రెండేళ్లకోసారైనా ఈ పని తప్పదు.