కర్ణికల మధ్య రంధ్రం: మూయడం మేలా, వదిలేయడం మేలా?

గుండె పై గదుల మధ్య గోడలో రంధ్రం ఉందని ఎకోలో తేలగానే ఇంటివారు అడిగే మొదటి మాట, "మూయించేద్దామా?" అనేదే. జవాబు రంధ్రం కొలతలో కన్నా అందులోంచి రక్తం ఏ వైపుకు పారుతోందన్న దానిలోనే ఎక్కువగా ఉంటుంది.

గుండె కింది గదుల్లో కుడిదైన కుడి జఠరిక గోడ పలుచన. ఎడమ జఠరిక కన్నా సులువుగా సాగి రక్తాన్ని నింపుకుంటుంది. అందువల్ల ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు వచ్చిన రక్తంలో కొంత రంధ్రం గుండా కుడి వైపుకు మళ్లి, తిరిగి ఊపిరితిత్తులకే పోతుంది. ఒంటికి వెళ్లే రక్తంలో ఆక్సిజన్ తగ్గదు కాబట్టి నీలిరంగు కనిపించదు, ఏళ్ల తరబడి బాధ తెలియకపోవచ్చు. స్టెతస్కోపుతో వింటే మాత్రం గుండె రెండో శబ్దం రెండుగా చీలి, ఊపిరి పీల్చినా వదిలినా ఆ ఎడం మారకుండా వినిపిస్తుంది.

ఉదాహరణకు ముప్పై ఏళ్లు దాటిన ఇద్దరు స్త్రీలను తీసుకుందాం. ఇద్దరికీ రంధ్రం ఒకే కొలత. కాథెటర్ పరీక్షలో మొదటి ఆమె శరీర ధమనిలో ఆక్సిజన్ 98 శాతం, ఒంటి నుంచి తిరిగొచ్చే సిరల రక్తంలో 68, ఊపిరితిత్తుల ధమనిలో 83, ఊపిరితిత్తుల సిరలో 98. శరీరానికి సంబంధించిన తేడా 30, ఊపిరితిత్తులకు సంబంధించిన తేడా 15. తేడా ఎంత తక్కువైతే ప్రవాహం అంత ఎక్కువ కాబట్టి, శరీరానికి వెళ్లే దానికి రెట్టింపు రక్తం ఊపిరితిత్తులకు పోతోంది. కుడి గదులు ఉబ్బి, ఊపిరితిత్తుల రక్తనాళాల నిరోధం తక్కువగా ఉన్న ఈమెకు మూయడమే నిస్సందేహంగా మేలు. రంధ్రం గోడ మధ్యభాగంలో ఉండి చుట్టూ అంచు చాలినంత ఉంటే తొడ సిర గుండా పరికరం పెట్టవచ్చు, లేకుంటే శస్త్రచికిత్స.

రెండో ఆమె గోళ్లు, పెదవులు నీలంగా ఉన్నాయి, వేళ్ల చివరలు ఉబ్బాయి. ఆమె అంకెలు వరుసగా 84, 60, 65, 97. తేడాలు 24, 32, అంటే ఊపిరితిత్తులకు పోయే రక్తం శరీరానికి వెళ్లే దానిలో 0.75 వంతు మాత్రమే. ఏళ్లపాటు అదనపు ప్రవాహాన్ని మోసి ఆమె ఊపిరితిత్తుల చిన్న ధమనుల గోడలు మందమై, దారి ఇరుకైంది. కుడి జఠరిక బిగుసుకుని, మలినరక్తం రంధ్రం గుండా ఎడమకు తిరుగుతోంది. దీన్నే ఐసెన్‌మెంగర్ స్థితి అంటారు. ఈ రంధ్రం ఉన్న అందరికీ ఇది రాదు; వచ్చేది కొద్దిమందికే, అదీ చాలావరకు పెద్దయ్యాకే.

నీలం పోవాలంటే మూయాలన్న ఆశ సహజమే, కానీ ఈమెకు అది ప్రాణాంతకం కావచ్చు. ఒత్తిడి పెరిగినప్పుడు కుడి గుండెకు మిగిలిన ఒకే దారి ఆ రంధ్రం. దాన్ని మూస్తే కుడి జఠరిక విఫలమవుతుంది. ఊపిరితిత్తుల నిరోధం శరీర నిరోధంలో మూడో వంతు కన్నా తక్కువైతే మూయవచ్చు, మూడింట రెండు వంతులు దాటితే మూయకూడదు. మధ్యలో ఉన్నవారికి తొందరపడకుండా, నిపుణుల వద్ద మందులు వాడి, మళ్లీ కాథెటర్ పరీక్ష చేశాక నిర్ణయించడం మంచిది.

రెండో ఆమెకు ఊపిరితిత్తుల ఒత్తిడి తగ్గించే మందులు ఇస్తారు, గర్భం వద్దని గట్టిగా చెబుతారు. సెలైన్ ఎక్కించేటప్పుడు గొట్టంలో చిన్న గాలి బుడగ కూడా మిగలకూడదు. ఊపిరితిత్తుల్లో వడకట్టబడకుండా అది రంధ్రం దాటి నేరుగా మెదడుకు చేరగలదు.