ఆడాసిటీ Noise Reduction: నాలుగేళ్లు వాడాక Residue గురించి

ఇంటర్వ్యూల్లో వచ్చే ఫ్యాన్ రొద, మైకు బుస తీయడానికి నాలుగేళ్లుగా ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని Noise Reductionనే వాడుతున్నాను. మాటల్లేని చోట చిన్న ముక్క పట్టుకుని Get Noise Profile కొట్టడం, తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి OK కొట్టడం, ఇది అందరికీ తెలిసిందే. నేను చెప్పేది అదే విండోలో Reduce పక్కనే ఉండే Residue గురించి. మొదటి మూడేళ్లు దాని జోలికే పోలేదు, ఇప్పుడది లేకుండా ఒక్క ఫైలు కూడా బయటికి పంపను. దాన్ని ఎంచుకుని Preview నొక్కితే శుభ్రమైన గొంతు వినబడదు, తీసేయబోతున్న సరుకు మాత్రమే వినబడుతుంది.

దీని విలువ నాకు తెలిసింది శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ పెద్దాయనతో చేసిన ఇంటర్వ్యూ దగ్గర. నలభై నిమిషాల రికార్డింగ్. తిరుపతికి వచ్చాక మామూలుగానే మొదట్లో ఉన్న నిశ్శబ్దం నుంచి ప్రొఫైల్ తీసుకుని, బుస ఎక్కువగా ఉందని 18 డీబీ పెట్టి మొత్తానికి కొట్టేశాను, హాయిగా ఉందనిపించి కింద తంబూర పరిచాను. పదకొండో నిమిషం దాటాక తంబూర ఊగడం మొదలైంది. ట్రాక్ పాడైందనుకుని ఇంకోటి మార్చాను, అదీ ఊగింది! తంబూర ఆపి వింటే అసలు సంగతి తెలిసింది. పక్క గదిలో ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ అయింది. Plot Spectrum తెరిస్తే 100 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక ముల్లు, 200 దగ్గర ఇంకోటి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మోటార్ల హమ్ ఎక్కువగా దాని రెట్టింపు దగ్గర పడుతుంది. నా తంబూర ఐదు శ్రుతిలో ఉంది, అంటే కింది స్వరం 98 దగ్గర. 98, 100 పక్కపక్కన మోగితే సెకనుకు రెండుసార్లు ఊగక ఏం చేస్తుంది? ఏదైనా ఉంటే పైన వేసే సంగీతం కప్పేస్తుందిలే అనుకునేవాణ్ణి. బుసని కప్పుతుందేమో గానీ హమ్‌ని కప్పదు, దానితో గొడవ పడుతుంది.

మొదట్లో తీసిన ప్రొఫైల్‌లో ఫ్రిజ్ లేదు కదా, అందుకే అది దాన్ని వదిలేసింది. ఫైలుని అసలు రూపానికి తెచ్చి ఫ్రిజ్ ఆన్ అయిన చోట, ఆఫ్ అయిన చోట కోసి మూడు ముక్కలు చేశాను. మధ్య ముక్కకి ముందు ఒక్క ఫ్రీక్వెన్సీ చుట్టూ మాత్రమే కోసే Notch Filter వేశాను. అందులో తెరవగానే 60 హెర్ట్జ్, Q 1 ఉంటాయి, అవి అలాగే ఉంచితే మన హమ్ పోదు సరికదా గొంతులోని నిండుదనం పోతుంది. 100కి Q 20 పెడితే సుమారు 5 హెర్ట్జ్ వెడల్పులోనే కోస్తుంది, 200కి ఇంకోసారి. ఆ తర్వాత పెద్దాయన కలాన్ని ముంచుకోవడానికి ఆగిన ఒకటిన్నర సెకను దొరికితే అక్కడి నుంచి కొత్త ప్రొఫైల్ తీసుకున్నాను. ఆడాసిటీ చివరగా తీసిన ప్రొఫైల్ ఒక్కటే గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి మూడో ముక్కకి మళ్లీ తీయాల్సిందే.

ఇక్కడే Residue పెట్టి విన్నాను, అలవాటైన 18 డీబీతోనే. బుసతో పాటు "స్... స్..." అంటూ పెద్దాయన నాలుక కూడా వినబడింది. ఇనుప తుప్పు, బెల్లం నానబెట్టి చేసే నల్లరంగుని ఆయన "కసిమి" అన్నారు, అందులో "స" సగం ఈ చెత్తలోకి వచ్చేసింది. Reduceలో విన్నప్పుడు అది "కహిమి" లాగా ఉందని అప్పుడు గుర్తొచ్చింది, చెవి సర్దుకుపోయి పట్టించుకోలేదు. 9కి తగ్గించి Sensitivity కూడా కొంచెం కిందికి తెస్తే చెత్తలో మాట లేదు, ఉత్త గాలి మాత్రమే ఉంది. కొంచెం బుస మిగిలింది, తంబూర వచ్చాక అది ఎవరికీ వినబడదు. ఒక జాగ్రత్త: OK కొట్టే ముందు మళ్లీ Reduceకి మార్చాలి, లేదంటే చెత్త మిగిలి గొంతు పోతుంది.

రెండు బటన్లు నొక్కితే చాలు అని పోయినేడు మా స్నేహితులకి నేనే చెప్పాను, ఆ మాట వెనక్కి తీసుకోవాల్సిందే. రొద మారని గదిలో అయితే నిజమే. బస్సు హారన్, పక్కింటి టీవీ, కుక్క అరుపు లాంటివి దీనితో పోవు. వాల్యూమ్ పెంచడం, Compressor ఎఫెక్ట్ వేయడం లాంటివి చేశాక పాత ప్రొఫైల్ వాడినా కుదరదు, అందుకే దీన్నే ముందు పెడతాను.

నాది ఒక్క మైకు, మామూలు హెడ్‌ఫోన్, మళ్లీ రికార్డ్ చేయడానికి ఆ ఊరికి వెళ్లే వీల్లేని పని. మంచి గది, రెండో మైకు ఉన్నవాళ్లకి ఇంత తంటా అవసరం పడకపోవచ్చు. ఇప్పుడైతే ఎవరింటికెళ్లినా మొదట ఫ్రిజ్ ఎక్కడుందో అడుగుతాను, దాని ప్లగ్ తీయొచ్చా అని కూడా అడుగుతాను, ఫ్యాన్ తిరుగుతుండగానే అందరినీ పది సెకన్లు మౌనంగా కూర్చోమంటాను. వెళ్లేటప్పుడు ప్లగ్ మళ్లీ పెట్టడం మర్చిపోకుండా బైక్ తాళం ఫ్రిజ్ మీదే పెడతాను.