ఫోటోలో వచ్చిన పట్టికకు నాలుగు వరుసల పద్ధతి: ఆరేళ్లు వాడాక

ఖమ్మంలో ఇంటర్ సెకండియర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. 2ఏలో యాదృచ్ఛిక చలరాశుల పాఠం నడిచే రోజుల్లో సాయంత్రం ఏడు దాటిందంటే ఫోన్‌కి ఫోటోలు మొదలవుతాయి. అన్నీ ఒకే రకం. పైన x విలువలు, కింద సంభావ్యతలు, రెండు వరుసల పట్టిక. దాని కింద "సార్, మీన్ వేరియన్స్ రావట్లేదు" అని ఓ ముక్క. పుస్తకంలో మధ్యమం, విస్తృతి అని ఉన్నా మా గదిలో మీన్, వేరియన్స్ అనే అంటాం.

ఆరేళ్లుగా వీటన్నిటికీ ఒకటే పద్ధతి వాడుతున్నాను. ఉన్న రెండు వరుసల కింద ఇంకో రెండు గీసుకోవడం. మూడో వరుసలో x ని p తో గుణించి రాస్తాం. నాలుగో వరుసలో x² కట్టం, మూడో వరుసలో వచ్చినదాన్నే మళ్లీ x తో గుణిస్తాం. మూడో వరుస కూడితే మీన్. నాలుగో వరుస మొత్తంలోంచి మీన్ వర్గం తీసేస్తే వేరియన్స్. బాగా తెలిసిన లెక్క మీదే చూపిస్తాను. x విలువలు −2 నుంచి 3 దాకా, సంభావ్యతలు 0.1, k, 0.2, 2k, 0.3, k. అన్నీ కూడితే 0.6 + 4k = 1, అంటే k = 0.1.

| x | −2 | −1 | 0 | 1 | 2 | 3 | మొత్తం |
|---|---|---|---|---|---|---|---|
| p | 0.1 | 0.1 | 0.2 | 0.2 | 0.3 | 0.1 | 1 |
| xp | −0.2 | −0.1 | 0 | 0.2 | 0.6 | 0.3 | 0.8 |
| x²p | 0.4 | 0.1 | 0 | 0.2 | 1.2 | 0.9 | 2.8 |

మీన్ 0.8. వేరియన్స్ 2.8 − 0.64 = 2.16. కాగితం మీద రెండు నిమిషాల పని. నాలుగో వరుసలో ఎక్కడైనా మైనస్ కనిపిస్తే అక్కడే తప్పు జరిగిందని చూడగానే తెలుస్తుంది, x² కి మైనస్ రాదు కదా. ఈ ఒక్క సుఖం కోసమే మొదట్లో ఈ పద్ధతి పట్టుకున్నాను.

దీంతో ఇబ్బంది ఎక్కువగా వచ్చేది లెక్క దగ్గర కాదు, ఫోటో దగ్గర.

రెండేళ్ల కిందట ఇదే పట్టికను ఒకమ్మాయి పంపింది. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫోటో, ఎడమ మూల బొటనవేలి నీడ. "సార్, నాకు 1.36 వస్తోంది. కీలో 2.16 ఉంది. కీ తప్పా?" అని అడిగింది. k సరిగ్గానే 0.1 కట్టింది. కింది వరుస కూడితే 1 వచ్చింది. అయినా జవాబు కుదరలేదు. నాలుగు వరుసలూ రాసి పంపమ్మా అన్నాను. చూస్తే నాలుగో వరుస మొత్తం 2.8, సరిగ్గానే ఉంది. మీన్ మాత్రం 1.2 అని ఉంది. −2 పక్కనున్న మైనస్ గుర్తు గడి గీతలో కలిసిపోయింది. పుస్తకం ఇంట్లో వదిలేసి ఫోటో చూసి చేసిందట, అందుకని 2 అనే చదివింది.

ఇందులో ఒక తమాషా ఉంది, నాకు అర్థం కావడానికి ఇలాంటివి చాలా చూడాల్సి వచ్చింది. x మైనస్ పోతే నాలుగో వరుస చెక్కుచెదరదు, ఎందుకంటే −2 వర్గమైనా 2 వర్గమైనా నాలుగే. మీన్ మాత్రం జరుగుతుంది. −0.2 రావాల్సిన చోట 0.2 వచ్చింది, 0.4 తేడా పడింది, 0.8 కాస్తా 1.2 అయింది. 2.8 లోంచి 1.44 తీస్తే 1.36. కాబట్టి కీ జవాబు దగ్గరుంటే నాలుగో వరుస మొత్తంలోంచి దాన్ని తీసేసి చూడండి. 2.8 − 2.16 = 0.64, అది 0.8 వర్గం. ఇలా నీటైన సంఖ్య వర్గం వస్తే వెతకాల్సింది పోయిన మైనస్ కోసమే.

కీ లేకపోతే? పై వరుస చదవాలి, అంతే. 2, −1, 0, 1, 2, 3 అని ఉందంటే రెండు చోట్ల 2 వచ్చింది, పైగా వరుస క్రమం తప్పింది. పాఠ్యపుస్తకం పట్టికల్లో x విలువలు చిన్నదాని నుంచి పెద్దదానికి పోతాయి, ఒకే విలువ రెండుసార్లు రాదు. సంభావ్యతలు కూడితే 1 రావాలన్న పరీక్ష అందరికీ తెలుసు, కానీ అది కాపలా కాసేది కింది వరుసను మాత్రమే. పై వరుసలో ఏం పోయినా దానికి తెలియదు. ఈ సంగతి పిల్లలకు మొదటి రోజే చెప్పనందుకు నామీద నాకే కోపం.

కింది వరుసలో కూడా ఆ పరీక్షను మరీ నమ్మొద్దు. k ఉన్న లెక్కల్లో ఆ 1 ని k కనుక్కోవడానికే ఖర్చు పెట్టేస్తాం. పైన 2k ని k అని చదివామనుకోండి. 0.6 + 3k = 1 అవుతుంది, k = 0.1333… వస్తుంది, మొత్తం మళ్లీ 1 కే కూడుతుంది. తప్పును k తనలో మింగేసుకుంటుంది. అనుమానం రావాల్సింది ఆ వంకర k చూసే.

ఇంకో పాత లెక్క ఉంది, సంభావ్యతలు 0, k, 2k, 2k, 3k, k², 2k², 7k² + k. పైనున్న చిన్న 2 ఫోటోలో అలుక్కుపోవడానికే పుట్టిందనిపిస్తుంది. సరిగ్గా చదివితే 10k² + 9k − 1 = 0, అంటే (10k − 1)(k + 1) = 0. సంభావ్యత రుణాత్మకం కాదు గనక −1 వదిలేసి k = 1/10. మరి 2k² ని 2k అని చదివితే 8k² + 11k − 1 = 0 వస్తుంది. దాని విచక్షణి 121 + 32 = 153, పరిపూర్ణ వర్గం కాదు. k² ని k అనుకుంటే విచక్షణి 136, 7k² ని 7k అనుకుంటే 268. మూడూ కుదరవు. పిల్లాడు వర్గమూలం దగ్గర ఇరుక్కుని "టెన్షన్‌గా ఉంది సార్" అన్నాడంటే సూత్రం మర్చిపోలేదు, ఫోటో తప్పు చదివాడు. పెద్దది చేసి చూడరా అంటాను. పదింట్లో ఎనిమిదిసార్లు అదే అవుతుంది.

ఇదే లెక్కలో ఈ పద్ధతికున్న అసలు బలహీనత కూడా దొరుకుతుంది. x విలువలు 0 నుంచి 7. మీన్ 3.66, నాలుగో వరుస మొత్తం 16.8, వేరియన్స్ 16.8 − 13.3956 = 3.4044. ఒకడు మీన్‌ను 3.7 అని సవరించుకుని ముందుకెళ్లాడు. 16.8 − 13.69 = 3.11 వచ్చింది. మీన్‌లో 0.04 సవరిస్తే వేరియన్స్‌లో దాదాపు 0.3 గల్లంతైంది. అదే 3.7 పెట్టుకుని (x − 3.7)²p లు కట్టి కూడి ఉంటే 3.406 వచ్చేది, తేడా 0.0016, అంటే 0.04 వర్గం. విచలనాల పద్ధతి నెమ్మది గానీ క్షమిస్తుంది, మన నాలుగు వరుసలది క్షమించదు. మీన్ ఎన్ని దశాంశాలకు వస్తే అన్నీ చివరిదాకా మోయాలి, సవరించేది జవాబు దగ్గరే.

కొందరు సైంటిఫిక్ కాలిక్యులేటర్లో స్టాటిస్టిక్స్ మోడ్ పెట్టి, పౌనఃపున్యం గడిలో సంభావ్యతలు కొట్టేస్తారు. నేనూ ఒక ఏడాది అలాగే సరిచూసేవాణ్ణి. మానేశాను. కారణం ఒక పట్టిక. x విలువలు 0 నుంచి 4, సంభావ్యతలు 0.08, 0.22, 0.37, 0.25, 0.08. మీన్ 2.03. ఫోటోలో మొదటి 8 ఎడమవైపు చెరిగిపోయి 0.03 లా కనిపించింది. చేత్తో కూడితే 0.95 వచ్చి అక్కడే ఆగిపోయేవాణ్ణి. కాలిక్యులేటర్ ఆగలేదు. అది 2.03 ని ఆ 0.95 తోనే భాగించి 2.137 అని చూపించింది, ఎర్రర్ లేదు, ఏమీ లేదు. దానికి అవి సంభావ్యతలని తెలియదు, లెక్కించిన సంఖ్యలనుకుంటుంది. వాడాలంటే మీన్ చూసే ముందు n ఎంతుందో చూడండి, 1 కాకపోతే అక్కడే ఆపేయండి. వేరియన్స్ కోసం σ తీసుకుని వర్గం కట్టండి, s కాదు. s కి n − 1 తో భాగిస్తుంది, ఇక్కడ n = 1, అంటే సున్నాతో భాగించమన్నట్టు. ఎప్‌సెట్ హాల్లోకి కాలిక్యులేటర్ ఎలాగూ రానివ్వరు.

ఆ 0.95 కీ 1 కీ ఉన్న తేడాలోనే ఆచూకీ ఉంటుంది. 0.05 తగ్గిందంటే ఎక్కడో 8 ని 3 గా, లేదా 6 ని 1 గా చదివాం. 0.06 పెరిగితే 1 ని 7 గా చదివాం. అయితే ఆ పట్టికలో 3 తో ముగిసే గడి ఒక్కటే ఉంది కాబట్టి దొరికింది. రెండుంటే ఏదో ఒకటి ఊహించి దిద్దకూడదు. x = 0 కింద దిద్దాల్సిన 0.05 ని x = 4 కింద దిద్దితే మీన్ 0.2 జరిగిపోతుంది, మొత్తం మాత్రం బుద్ధిగా 1 అంటుంది. అలాంటప్పుడు ఇంకో ఫోటో అడగడం తప్ప దారి లేదు. సంభావ్యతలు మూడు దశాంశాలకు సవరించి అచ్చేసిన పట్టికలో 0.999 వస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు, 1/3 ని మూడుసార్లు 0.333 అని రాసినా అంతే వస్తుంది.

మొత్తం 1 కంటే బాగా పెరిగి 2, 3 వస్తే, చివరి గడిలో 1 ఉంటే అది అసలు సంభావ్యతల పట్టికే కాదు, సంచితాల పట్టిక. ప్రతి గడిలోంచి దాని ముందు గడిలోది తీసేసుకుంటూ పోతే సంభావ్యతలు వస్తాయి, అప్పుడు మన నాలుగు వరుసలు. ఇలాంటివి ఏడాదికి ఒకటో రెండో వస్తాయి.

ఇన్ని చూశాక కూడా పద్ధతి మార్చలేదు, ముందు చేసే పని మార్చాను. ఇప్పుడు ఫోటో వచ్చిందంటే లెక్క మొదలుపెట్టను. పై వరుస చదివి వాయిస్ పంపమంటాను. "మైనస్ రెండు, మైనస్ ఒకటి, సున్నా" అని వాళ్ల గొంతుతో వస్తుంది. మొన్న ఒకడు "రెండు, మైనస్ ఒకటి…" అని మొదలెట్టి, మధ్యలో ఆగి, "సార్ ఉండండి, పుస్తకం తెస్తా" అన్నాడు.